మూడో చీకటి పట్టీ

ఆ కాగితం మీద ఉన్న సంతకం నాదే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. పెన్ను కూడా నాదే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే ఇదంతా చదువుతున్నప్పుడు నేనేదో పక్కన నిలబడి చూసినదాన్ని, మిగతావాళ్ళే పాడు మనుషులు అనిపిస్తుంది. వాళ్ళ మీద నాకు ఎంత అసహ్యం ఉందో నా మీద కూడా అంతే ఉంది.

అప్పుడు నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. రాజోలు పక్కన ఉన్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. కాలేజీ అంటే నాలుగంతస్తుల ఇరుకు భవనం, దాని ముందు బైకులు పెట్టుకునే చోటు. పిల్లలు ఆడుకునే జాగా అరచేతంత కూడా లేదు. పైఅంతస్తులో సగం సిమెంటు రేకుల షెడ్డు; వారం వారం పరీక్షల్లో వెనకబడ్డవాళ్ళ సెక్షన్ అందులోనే. ఆ షెడ్డు పక్కనే ఫిజిక్స్ ల్యాబు. దానికి ఎప్పుడూ తాళం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ముందురోజు తెరిచి, పావురాల రెట్టలు కడిగించి, పరికరాల మీద గుడ్డలు తీసి, బల్లల మీద వరసగా పేర్చేవాళ్ళం. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ గుడ్డలు, మళ్ళీ తాళం.

ప్రాక్టికల్ రికార్డుల సంగతి చెప్తే నమ్మరు. పిల్లలు ఒక్క పరికరాన్నీ ముట్టుకోకుండానే అన్ని ప్రయోగాలూ చేసినట్టు, పోయినేటి వాళ్ళ పుస్తకాల్లోంచి అంకెలు ఎత్తి రాసేవాళ్ళు. ఆ దొంగ అంకెలకింద నేను ఎర్రసిరాతో సంతకాలు పెట్టేదాన్ని. మొదటి ఏడాది చెయ్యి కాస్త ఆగేది. రెండో ఏడాది నుంచి టీ తాగుతూ పెట్టేదాన్ని. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. ఒకరోజు నేను రికార్డుల కట్ట ఇంటికి తెచ్చుకుని సంతకాలు పెడుతుంటే చూసి, "ఇవన్నీ నువ్వు దగ్గరుండి చేయించేవా అమ్మా?" అని అడిగారు. "ఆయ్" అన్నాను. మళ్ళీ అడగలేదు.

మా ప్రిన్సిపాలు కూడా ఒకప్పుడు ఫిజిక్స్ లెక్చరరే. మంచి లెక్చరరని పేరు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయన పాఠం గురించి చెప్పుకుంటారు. నాకు అన్నిటికన్నా రోత పుట్టించేది ఇదే. తెలియని మనిషైతే క్షమించడానికి ఎక్కడో కాస్త చోటుండేది.

ఆ ఏడాది ఇంటర్ సెకండియర్ ఎంపీసీ టాప్ సెక్షన్లో బండారులంక నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న మగ్గం నేస్తాడు. పిల్ల పెద్దగా మాట్లాడేది కాదు. లెక్క చేసేటప్పుడు ఒక్కో మెట్టు దాటగానే పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేది. తర్వాత పైనుంచి చుక్కలు చూసుకుంటూ వచ్చేది. తొందరపడేది కాదు. ఆ కాలేజీలో అది పెద్ద లోపం. ఒక్కో లెక్కకి నిమిషంన్నర దాటకూడదని మాకు పైనుంచి వచ్చిన ఆజ్ఞ.

వేవ్ ఆప్టిక్స్‌కి, అంటే వెలుగు తరంగాల పాఠానికి, మా షెడ్యూల్లో మూడు రోజులు ఇచ్చారు. రెండు చీలికల ప్రయోగానికి అందులో ఒక గంట. ఆ గంటలో నేను చెప్పింది ఇంతే. రెండు సన్నని చీలికల్లోంచి వచ్చిన వెలుగు ఎదురుగా తెరమీద పడి కలుస్తుంది. తెరమీద ఏదైనా ఒక చోటికి ఒక చీలిక నుంచి దూరం కొంచెం తక్కువ, రెండోదాని నుంచి కొంచెం ఎక్కువ. ఆ తేడానే పథభేదం, పాత్ డిఫరెన్స్. అది సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమో, రెండో, మూడో అయితే రెండు వెలుగులూ ఒకదానికొకటి తోడై అక్కడ వెలుగు పట్టీ వస్తుంది. సగమో, ఒకటిన్నరో, రెండున్నరో అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని చీకటి పట్టీ, అంటే డార్క్ ఫ్రింజ్, వస్తుంది. పక్కపక్క పట్టీల మధ్య ఎడం కావాలంటే తరంగదైర్ఘ్యాన్ని తెర దూరంతో హెచ్చవేసి, చీలికల మధ్య దూరంతో భాగించాలి. అయిపోయింది. బోర్డు తుడిచేశాను.

ఆ ఆదివారం పెట్టిన పరీక్షలో ఈ పాఠం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పేపరు, కీ రెండూ హెడ్డాఫీసు నుంచే వస్తాయి. అన్ని బ్రాంచీలకీ ఒకటే. చీలికల మధ్య దూరం అర మిల్లీమీటరు, తెర ఒక మీటరు దూరంలో ఉంది, వెలుగు తరంగదైర్ఘ్యం ఆరువందల నానోమీటర్లు. నడిమి వెలుగు పట్టీ నుంచి మూడో చీకటి పట్టీ ఎంత దూరంలో ఉంటుంది? ఇచ్చిన నాలుగు జవాబులు: 1.8, 3.0, 3.6, 4.2 మిల్లీమీటర్లు.

సోమవారం నోటీసు బోర్డులో కీ అంటించారు. ఆ ప్రశ్నకి జవాబు 4.2 అని ఉంది. మధ్యాహ్నం డౌట్ల గంటలో ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, డార్క్ ఫ్రింజ్ దగ్గర పాత్ డిఫరెన్స్ ఎంతండీ?"

"టూ ఎన్ ప్లస్ వన్, ఇంటూ లాంబ్డా బై టూ," అన్నాను. లాంబ్డా అంటే తరంగదైర్ఘ్యం. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్తాను.

"ఎన్ ఎంత నుంచి మొదలెట్టాలండీ?"

ఆరేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"సున్నా నుంచి," అన్నాను.

"మరయితే మొదటి డార్క్‌కి ఎన్ సున్నా, రెండోదానికి ఒకటి, మూడోదానికి రెండు కదండీ. కీలో మూడు వేసేసేరండీ."

పుస్తకం తిప్పి చూపించింది. పట్టీల ఎడం 1.2 మిల్లీమీటర్లు. మొదటి చీకటి సగం ఎడంలో, రెండోది ఒకటిన్నర, మూడోది రెండున్నర. రెండున్నర రెట్లు 1.2 అంటే మూడు మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టు పక్కన ఒక్కో చుక్క. కీ చేసిన పెద్దమనిషి సూత్రంలో గుడ్డిగా మూడు వేసి మూడున్నర రెట్లు కట్టాడు. అతను ఇచ్చింది నాలుగో చీకటి పట్టీ దూరం.

"నువ్వు చేసిందే కరెక్టమ్మా. నేను ప్రిన్సిపాల్ గారికి చెప్తాను," అన్నాను.

చెప్పాను కూడా. ఆయన నేను లెక్క రాసిచ్చిన కాగితం తీసుకుని ఇలా చూసి అలా పక్కన పెట్టారు. ఆ చూపు చాలు, తప్పు ఆయనకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

"మేడమ్ గారూ, కీ మార్చడమంటే మనొక్క చోట కాదండీ. అన్ని బ్రాంచీల్లోనూ ర్యాంకులు కదిలిపోతాయి. పేరెంట్సుకి మెసేజీలు కూడా వెళ్ళిపోయేయి. ఇప్పుడు పైవాళ్ళకి ఫోన్ చేసి మీ కీ తప్పండీ అంటే ఏం బావుంటుందండీ?"

"కానీ తప్పే కదండీ సార్."

"తప్పో ఒప్పో, పిల్లలకి ఏదో ఒకటి స్థిరంగా ఉండాలండీ," అన్నారు. అంత మెత్తగా, అంత మర్యాదగా. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడరు.

సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. అంటే ఆ అమ్మాయికి అయిదు మార్కులు పోయాయి. టాప్ సెక్షన్లో చివరి వరసలో ఉన్నవాళ్ళకి అయిదు మార్కులంటే మామూలు విషయం కాదు. బుధవారానికి ఆ పిల్ల పుస్తకాల సంచీతో పైఅంతస్తులో రేకులకింద కూర్చుంది. ఆమెతోపాటు మూడు మిల్లీమీటర్లని సరిగ్గా రాసిన పాపానికి ఇంకో ఇద్దరు కూడా పైకి వచ్చారు. వాళ్ళ స్థానాల్లోకి నాలుగో పట్టీని మూడోదని రాసినవాళ్ళు వెళ్ళారు.

ఆ షెడ్డులో మధ్యాహ్నం పూట కూర్చోలేం. రేకుల నుంచి వేడి దిగుతూ ఉంటుంది. పక్క ల్యాబులోంచి పావురాల కంపు. నేను అక్కడ క్లాసుకి వెళ్ళాను. పాఠం అయ్యాక ఆ అమ్మాయి అడిగింది.

"మేడమ్, ఈ పట్టీలు నిజంగా కనబడతాయాండీ? చూసి లెక్కెట్టొచ్చాండీ?"

ఆ ప్రశ్నకి నాకు చాలా సిగ్గేసింది. రెండేళ్ళ నుంచి ఆ పిల్లకి నేనే ఫిజిక్స్ చెప్తున్నాను.

"రేపు చూద్దాం," అని ఆఫీసులోంచి తాళంచెవి తెచ్చాను.

మరుసటిరోజు అన్నాల గంటలో మేమిద్దరం ల్యాబులో దూరాం. గాజు పలక ఒకటి తీసి, కొవ్వొత్తి మంట మీద తిప్పి మసి పట్టించాం. రెండు కొత్త షేవింగ్ బ్లేళ్ళు ఒకదానికొకటి ఆనించి గట్టిగా పట్టుకుని, స్కేలు పక్కన ఒక్క గీత గీశాం. మసిలో రెండు సన్నటి గీతలు పడ్డాయి. వాటి మధ్య దూరం ఒక బ్లేడు మందం, అంటే రమారమి మిల్లీమీటరులో పదోవంతు. మొదటి రెండు పలకలూ చెడిపోయాయి. మూడోది నిలబడింది. కిటికీలకి బల్లల మీది గుడ్డలే కట్టి చీకటి చేశాం. సెమినార్లో బోర్డు మీద చూపించడానికి వాడే ఎర్ర లేజరు లైటు నా దగ్గర ఉంది. దాన్ని స్టాండుకి బిగించి, పలకలోంచి రెండు మీటర్ల దూరంలో ఉన్న గోడమీదికి వేశాం. ఆ వెలుగులోకి కళ్ళు పెట్టొద్దని పిల్లకి ముందే చెప్పాను.

గోడమీద ఎర్రటి పట్టీలు వరసగా వచ్చాయి. ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు, అన్నీ ఒకే ఎడంలో. మధ్యలోది బాగా వెలుగుగా, అటూ ఇటూ పోనుపోను మసకగా.

ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఎమ్మెస్సీ చదివిన రోజుల తర్వాత నేను కూడా అప్పుడే చూడటం. గోడకి తెల్లకాగితం అంటించి పట్టీల చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. ఎడం ఒక సెంటీమీటరు మూడు మిల్లీమీటర్లు వచ్చింది. పలకని గోడకి కాస్త దగ్గరగా జరిపి చూస్తే, పట్టీలు దగ్గరదగ్గరగా వచ్చాయి. సూత్రం ఎలా చెప్పిందో అలాగే. కాగితం మీద పెట్టిన గుర్తుల్లో నడిమి నుంచి మూడో నలుపు మూడుంపావు సెంటీమీటర్ల దగ్గర ఉంది. సరిగ్గా రెండున్నర ఎడాలు.

ఆ సాయంత్రం పిల్ల ఇదంతా ఒక కాగితం మీద శుభ్రంగా బొమ్మ వేసి రాసింది. షెడ్డులోకి పంపిన ఇద్దరిలో ఒకరి తల్లి దాన్ని ఫోటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇక చూడండి. కీ తప్పా, ర్యాంకులు తప్పా, మా పిల్లలకి ఏం చెప్తున్నారు అని తల్లిదండ్రులు అడగడం మొదలుపెట్టారు. హెడ్డాఫీసు నుంచి ప్రిన్సిపాలుకి ఫోన్ వచ్చింది. ఆయన నుంచి బండారులంకకి ఫోన్ వెళ్ళింది. శనివారం పొద్దున తండ్రిని రమ్మన్నారు.

ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. సన్నటి మనిషి. ప్రిన్సిపాలు కూర్చోమన్నా కూర్చోలేదు. పక్కన కూతురు. ఎదురుగా గోడవారన నేను. బల్లమీద టైపు చేసిన కాగితాలు రెండున్నాయి. ఒకటి ఆ అమ్మాయీ తండ్రీ సంతకం పెట్టాల్సింది: కీని అపార్థం చేసుకుని తప్పుడు ప్రచారం చేశాను, క్షమించగలరు. రెండోది నాకు: ఫిజిక్స్ విభాగం తరఫున కీని పరిశీలించాను, జవాబు సరైనదే.

"చిన్న విషయమేనండీ," అన్నారు ప్రిన్సిపాలు తండ్రితో. "పిల్లలు తెలియక చేస్తారు. మీరొక సంతకం పెట్టేస్తే అయిపోద్ది. అమ్మాయి భవిష్యత్తు మాకూ ముఖ్యమేనండీ."

తండ్రి కాగితం చేతిలోకి తీసుకుని కూతురివైపు చూశాడు.

"నువ్వు తప్పు చెప్పేవామ్మా?"

"లేదు నాన్నా."

ఆయన ప్రిన్సిపాలు వైపు తిరిగాడు. "ఆయ్, సంతకం పెట్టడానికేవుందండీ. పెడతానండీ. కాకపోతే మా పిల్ల తప్పు చెప్పిందని నాకు తెలియాలి కదండీ. గోడమీద కనబడతాయంట, ఒక్కసారి చూపిస్తారాండీ?"

ప్రిన్సిపాలు కాదనలేకపోయారు. బహుశా మగ్గం నేసేవాడికి ఏం అర్థమవుతుందిలే అనుకుని ఉంటారు. నలుగురం పైకి ఎక్కాం. నేను గుడ్డలు కట్టాను, పలక నిలబెట్టాను, లైటు వేశాను. గోడమీద పట్టీలు వచ్చాయి.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, తన నీడ పడకుండా పక్కకి ఒదిగి నిలబడ్డాడు.

"ఈ నడిమిది లెక్కలోకి రాదాండీ?" అని నన్ను అడిగాడు.

"రాదండీ. దూరం అక్కణ్ణుంచే కొలుస్తాం."

ఆయన చూపుడువేలి గోరు గోడకి తగలకుండా గాల్లోనే పట్టుకుని, నల్లపట్టీల మీదుగా జరిపాడు. "ఇదొకటండీ... ఇది రెండండీ... ఇది మూడు." అక్కడ ఆపాడు. రోజంతా పోగులు లెక్కపెట్టే వేలు అది. ఎక్కడా తొట్రుపడలేదు. పిల్ల స్కేలు ఆనించింది. మూడుంపావు సెంటీమీటర్లు.

"మరి అయ్యగారి లెక్క ప్రకారం ఎక్కడుండాలండీ?"

"మూడున్నర ఎడాలు నాన్నా. నాలుగున్నర సెంటీమీటర్లు." స్కేలు మీద వేలు జరిపింది. అక్కడా ఒక నలుపుంది, మసకగా.

"ఇది నాలుగోది కదమ్మా," అన్నాడు ఆయన. ఎవరినీ నిలదీస్తున్నట్టు కాదు. బట్టలో పోగు తప్పింది చూపిస్తున్నట్టు అన్నాడు.

అప్పుడు నేను ప్రిన్సిపాలు మొహం చూశాను. ఎర్రటి వెలుగు గోడమీంచి తిరిగి ఆయన మొహంమీద పడుతోంది. ఆయన పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఆయన కూడా లెక్కపెట్టారు. తల కాస్త వంచి స్కేలు చూశారు. ఒక్క క్షణం, ఒకప్పుడు అందరూ పొగిడిన ఆ లెక్చరరు ఆ మొహంలో కనబడినట్టనిపించింది. తర్వాత కర్చీఫు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇక్కడ కంపు ఎక్కువగా ఉందండీ. కిందికి వెళ్దాం పదండి. ప్రయోగం వేరండీ, పరీక్ష వేరండీ."

కిందికి వచ్చాక ఆయన రెండో కాగితం నా ముందుకి జరిపారు.

"ముందు మీరు పెట్టెయ్యండి మేడమ్ గారూ. డిపార్టుమెంటు పెడితే వాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది."

భయపడి పెట్టాను అని చెప్పుకోవాలని ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న మాట నిజమే. కానీ భయం అంటే గుండె కొట్టుకోవాలి, చెయ్యి వణకాలి. నాకేమీ వణకలేదు. రికార్డులమీద పెట్టినట్టే పెట్టేశాను. ఆరేళ్ళుగా ఆ చెయ్యి అలాగే అలవాటు పడింది. పైన గోడమీద మూడో పట్టీ చూపించి అయిదు నిమిషాలు కాలేదు. సంతకంకింద తేదీ కూడా వేశాను.

తండ్రి నా వైపు చూడలేదు. మొదటి కాగితాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టేశాడు.

"మేం పెట్టవండీ. ఏవీ అనుకోకండి."

"పిల్ల భవిష్యత్తు..." అని మొదలెట్టారు ప్రిన్సిపాలు.

"మీరూ చూసేరు కదండీ," అన్నాడాయన. ఆ ఒక్క మాటే. దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మాత్రం వెళ్తూ వెళ్తూ నా చేతిని చూసింది. మొహాన్ని కాదు, చేతిని.

రెండు వారాలు గడిచాక హెడ్డాఫీసు నుంచి ఒక మెసేజీ వచ్చింది. ఇంకెక్కడో బ్రాంచీల్లో కూడా గొడవ జరిగినట్టుంది. ఆ ప్రశ్నని తొలగిస్తున్నామని, అందరికీ నాలుగు మార్కులు కలుపుతున్నామని అందులో ఉంది. తప్పు జరిగిందని ఒక్క ముక్క లేదు. సరిగ్గా రాసినవాళ్ళకీ నాలుగే, తప్పు రాసినవాళ్ళకీ నాలుగే, ఏమీ రాయకుండా వదిలేసినవాళ్ళకీ నాలుగే. మెసేజీ చూసి స్టాఫ్ రూములో కొందరు సంతోషించారు, "పోన్లెండి, న్యాయం జరిగింది" అని. నాకు ఆ న్యాయం తిన్నది కక్కినట్టుగా తోచింది. సెక్షన్లు మాత్రం మళ్ళీ మార్చలేదు. పరీక్షల ముందు మారిస్తే పిల్లలు చెదిరిపోతారట. ఆ ముగ్గురూ రేకులకిందే ఉండిపోయారు.

నేను ప్రిన్సిపాలు గదికి వెళ్ళి నా కాగితం తిరిగి ఇమ్మని అడిగాను.

"ఏ కాగితమండీ?"

"కీ కరెక్టని నేను సంతకం పెట్టింది."

"అది అమ్మాయి ఫైల్లో ఉందండీ. ఫైల్లోంచి తియ్యకూడదు కదండీ," అని నవ్వారు.

ఆ ప్రశ్నని వాళ్ళే తొలగించిన తర్వాత కూడా, ఆ పిల్ల ఫైల్లో ఆమె అబద్ధమాడిందని చెప్పే కాగితం ఉంటుంది. దానికింద నా పేరు ఉంటుంది. ఆ ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి వెళ్ళకుండా బస్సెక్కి బండారులంకలో దిగాను.

వీధిలో అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. లోపల మగ్గం చప్పుడు. తల్లి వసారాలో కండెలకి నూలు చుడుతోంది. నేను వసారా ఎక్కగానే చప్పుడు ఆగింది. తండ్రి బయటికి వచ్చి కుర్చీ వేశాడు. "టీ పెట్టవే" అని భార్యతో అన్నాడు. నా మీద కోపం ఉన్నా మర్యాదకి లోటు చేయలేదు. కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను.

"నేను చేసింది తప్పమ్మా," అన్నాను.

"మీకు తెలుసు కదండీ మేడమ్," అంది ఆ పిల్ల. "తెలిసే పెట్టేరు కదండీ."

"తెలిసే పెట్టాను."

"మరి నేను ఎవర్ని అడగాలండీ?"

తల్లి టీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చివరికి సంచీలోంచి తెల్లకాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. ఫలానా పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబు మూడు మిల్లీమీటర్లు. మూడో చీకటి పట్టీ దగ్గర పథభేదం రెండున్నర తరంగదైర్ఘ్యాలు. ఈ విద్యార్థిని మొదటి నుంచీ ఇదే చెప్పింది. కీ సరైనదని ఇంతకుముందు నేను ఇచ్చిన కాగితం అబద్ధం, అది తెలిసే ఇచ్చాను. సంతకం పెట్టి పిల్ల చేతికిచ్చాను.

నిలబడే చదివింది. పెన్సిల్ అందుకుని ఒక్కో వాక్యం పక్కన చుక్క పెట్టుకుంటూ వచ్చింది. రెండో వాక్యం దగ్గర ఆగింది.

"ఎన్ సున్నా నుంచి మొదలని రాయలేదండీ. అది రాయకపోతే మళ్ళీ మూడు వేసేస్తారు."

కాగితం తిరిగి తీసుకుని ఆ మాట చేర్చాను. ఇంకోసారి చదివి, మడిచి, తండ్రికి ఇచ్చింది. క్షమించాను అని అంటుందేమోనని కాసేపు కూర్చున్నాను. అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

అలాంటిదే ఇంకో ప్రతి రాసి సోమవారం ప్రిన్సిపాలుకి ఇచ్చాను. చదివారు. "ఎందుకండీ మేడమ్ గారూ ఇవన్నీ, పరీక్షలు దగ్గరికొచ్చేయి," అని సొరుగులో పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఏడాది చివరికి మాత్రం, వచ్చే సంవత్సరానికి ఫిజిక్సుకి వేరేవాళ్ళని చూసుకున్నామని ఆఫీసు నుంచి కబురొచ్చింది.

ఆ రేకులకింద కూర్చునే ఆ అమ్మాయి పబ్లిక్ పరీక్షలో ఫిజిక్సులో చాలా మంచి మార్కులు తెచ్చుకుంది. తెచ్చుకుంటుందని నాకు తెలుసు. తర్వాత జరిగేది ఊహించలేకపోయాను.

జూన్‌లో నా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం అమలాపురం వెళ్ళాను. గడియార స్తంభం సెంటర్లో బస్సు దిగి తలెత్తితే పెద్ద ఫ్లెక్సీ. వరసగా పిల్లల మొహాలు. పైవరసలో, మధ్యలో, ఆ అమ్మాయి. అప్లికేషన్ ఫారానికి అంటించిన ఫోటోని పెద్దది చేసి, వెనకాల ఎవరో నీలంరంగు పూశారు. కింద 'మా ఆణిముత్యం' అని ఉంది. ఒక మూల ప్రిన్సిపాలు కోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వుతున్నారు.

ఫ్లెక్సీ కింద రోడ్డువారన వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పలకరింపుగా తల ఊపాడు.

"తీసెయ్యమని అడగడానికొచ్చేనండీ," అన్నాడు. "మా పిల్ల ఇష్టపడట్లేదండీ. రెండుసార్లు అడిగేను. పబ్లిసిటీ అండీ, మీకే గౌరవం అంటున్నారు. వానలొస్తే దానంతటదే ఊడిపోద్దిలెండి అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటానండీ. మా పిల్లని రేకులకింద కూర్చోబెట్టేరు, మళ్ళీ ఇక్కడికెక్కించేరు. రెండిటికీ మమ్మల్ని అడగలేదు." చొక్కా జేబులోంచి బస్సు చిల్లర తీసి లెక్క చూసుకున్నాడు. "కాకినాడలో సీటొచ్చిందండీ. వచ్చే వారం దింపి రావాలి. వస్తానండీ మేడమ్ గారూ."

ఆయన బండారులంక బస్సెక్కాడు. నేను కాలేజీకి వెళ్ళి సర్టిఫికెట్ తీసుకున్నాను. నిజాయితీగా, అంకితభావంతో పనిచేశారని ప్రిన్సిపాలు రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం చూపించే నాకు అమలాపురంలోనే ఇప్పుడున్న ఉద్యోగం వచ్చింది. ఫ్లెక్సీ వానాకాలం అంతా ఊడలేదు. ఆ నీలంరంగు మాత్రం కారిపోయింది. ఆ ఏడాదంతా నేను గడియార స్తంభానికి ఒక స్టాపు ముందే దిగి నడిచాను.